తుపాను తరువాత రాతి గోడ మీద తెల్లటి పొడి: పూత వేయాలా, కట్ట కట్టాలా, కట్టడాన్నే జరపాలా?

కోటగుమ్మం

సముద్రం ఒడ్డున ఉన్న ఒక పాత రక్షిత కట్టడం బాగోగులు చూసే బాధ్యత నాది. కింది భాగం ఇసుకరాయి, పైన ఇటుక కమాను. కొన్ని దశాబ్దాల క్రితం ఎవరో రాళ్ల మధ్య సందులన్నిటినీ సిమెంటుతో నింపారు. గత నెల తుపానులో ఉప్పెన నీరు పీఠం దాకా వచ్చింది. రెండు రోజుల పాటు అలల తుంపర గోడలను తడుపుతూనే ఉంది. ఇప్పుడు మోకాలి ఎత్తు నుంచి భుజం ఎత్తు వరకు తెల్లటి పొడి కనిపిస్తోంది. చేత్తో రాస్తే రాయి పలుచటి పొరలుగా ఊడి వస్తోంది.

గుత్తేదారు నీటిని వికర్షించే సిలికోన్ పూత వేద్దామంటున్నాడు. కమిటీలో సగం మందికి సముద్రం వైపు బండరాళ్ల కట్ట కావాలి. ఇసుక గట్టు అంచు ఇప్పుడు పీఠానికి 34 మీటర్ల దూరంలో ఉంది. ఈ ఏడాది ఒక్క పనికే డబ్బు వస్తుంది, నివేదిక నేను రాయాలి. ఏ పని ముందు పెట్టాలో చెప్పండి.

పరమేశ్వరరావు_సివిల్

ఇందులో అంత ఆలోచించడానికి ఏముంది? ఉప్పు తనంతట తాను కదలదు, నీరు మోసుకొస్తేనే వస్తుంది. నీటిని ఆపితే ఉప్పు ఆగుతుంది. గోడకు పూత వేయండి, ఒడ్డున కట్ట కట్టండి. ఒకదానికే డబ్బుంటే కట్టకు పెట్టండి, పూత వచ్చే ఏడాది వేసుకోవచ్చు. పునాది కొట్టుకుపోయాక పై గోడ ఎంత శుభ్రంగా ఉండి ఏం లాభం?

సున్నపుగచ్చు

కోటగుమ్మం గారూ, పూత మాత్రం వద్దు. కనీసం ఇప్పుడు వద్దు.

పరమేశ్వరరావు గారు చెప్పిన మొదటి మాట నిజమే, నీరు లేనిదే ఉప్పు కదలదు. కానీ మీ గోడలోకి ఉప్పు ఇప్పటికే చేరిపోయింది. ఇప్పుడు దాన్ని కదిలించడానికి అలలు రానక్కర్లేదు, గాలిలోని తేమ చాలు. మామూలు ఉప్పు, గాలిలో తేమ దాదాపు 75 శాతం దాటితే ఆ తేమను పీల్చుకుని కరిగిపోతుంది, అంతకన్నా తగ్గితే మళ్లీ గట్టిపడి స్ఫటికమవుతుంది. సముద్రం ఒడ్డున తేమ ఈ గీతను ఎన్నిసార్లు అటూ ఇటూ దాటుతుందో ఊహించండి. రాత్రి కరిగి పగలు గడ్డకడుతుంది. రాతి రంధ్రంలో స్ఫటికం పెరిగిన ప్రతిసారీ లోపలి గోడలను నెడుతుంది. పైగా సముద్రపు నీటిలో ఉండేది మామూలు ఉప్పు ఒక్కటే కాదు, మెగ్నీషియం లవణాలు కూడా ఉంటాయి. అవి కలిస్తే ఆ గీత ఒక చోట నిలవదు, గోడ ఇంకా తక్కువ తేమకే చెమ్మగిల్లుతుంది.

ఈ స్థితిలో పూత వేస్తే ఏమవుతుంది? ముఖం మీది కొన్ని మిల్లీమీటర్ల మందం నీటిని రానివ్వదు. లోపలి తేమ ఆ పొర దాకా ద్రవంగా వచ్చి అక్కడ ఆగి, ఆవిరిగా మాత్రమే బయటికి పోతుంది. ఉప్పు ఆవిరితో పాటు పోలేదు కదా, పూత వెనకే పేరుకుంటుంది. పైకి గోడ రెండు మూడేళ్లు అద్దంలా ఉంటుంది, తరువాత పూత పట్టిన పొర మొత్తం పలకలుగా రాలుతుంది. ఇప్పుడు మీకు కనిపిస్తున్న తెల్లటి పొడి నిజానికి తక్కువ ప్రమాదం, అది బయటికి వచ్చేసిన ఉప్పు. ముఖం వెనక దాక్కున్నదే రాయిని తింటుంది.

రెండు విషయాలు చూసి చెప్పండి. ఊడుతున్నది రాయా, సందులా? ఎక్కువగా ఊడేది ఎలాంటి రోజుల్లో?

ఇనుపఫిరంగి

మా దగ్గరా ఇదే సమస్య. ఆరుబయట పెట్టిన పాత ఇనుప ఫిరంగులు నాలుగున్నాయి. తుపాను తరువాత వాటి మీద చిన్న చిన్న నారింజ రంగు బొట్లు వచ్చాయి, ముట్టుకుంటే తడిగా ఉన్నాయి. రాతికి తడి కాగితపు గుజ్జు పూసి ఉప్పు తీయడం గురించి విన్నాను. ఫిరంగులకూ పనికొస్తుందా? నల్ల రంగు వేసేస్తే సరిపోతుందని మా వాళ్లు అంటున్నారు.

సున్నపుగచ్చు

మీది వేరే రోగం, ఇనుపఫిరంగి గారూ. ఆ తడి బొట్లు ఇనుము లోపల క్లోరైడు ఉన్నదానికి గుర్తు. గుజ్జు దానికి చాలదు. క్షార ద్రావణంలో నెలల తరబడి నానబెట్టి, నీరు మారుస్తూ క్లోరైడును బయటికి లాగాలి. పెద్ద ఫిరంగికి విద్యుత్తు కూడా వాడతారు. లోపల క్లోరైడు ఉండగా రంగు వేస్తే రంగు కిందే తుప్పు పెరుగుతుంది. అప్పటిదాకా వాటిని కప్పు కింద, పొడి చోట ఉంచండి. ప్రయోగశాల ఉన్న మ్యూజియం వాళ్లను సంప్రదించండి. విడిగా ఒక చర్చ ప్రారంభిస్తే అక్కడ రాస్తాను.

కోటగుమ్మం

ఈ రోజు వెళ్లి చూశాను. ఊడుతున్నది రాయే, సిమెంటు సందులు చెక్కుచెదరలేదు. కొన్ని చోట్ల రాయి వేలి మందం లోపలికి తగ్గిపోయి, సందులు మాత్రం గట్లలా బయటికి నిలిచాయి. పొడి గాలి తోలిన రోజు తరువాతే నేల మీద రాలిన పొడి ఎక్కువగా ఉంటోందని కాపలా మనిషి చెప్పాడు. వర్షం పడిన రోజుల్లో దాదాపు ఏమీ రాలడం లేదట.

సున్నపుగచ్చు

కాపలా మనిషి బాగా గమనించాడు, రోజూ నేల మీద రాలినది ఊడ్చి తూకం వేసి రాయమనండి. దానికన్నా చవకైన కొలమానం మీకు దొరకదు.

గట్లలా నిలిచిన సందులు అసలు కథ చెబుతున్నాయి. గోడలోని తేమ ఎక్కడ సులువుగా ఉంటే అక్కడి నుంచి ఆరుతుంది. పాత సున్నపు సందులైతే తేమ వాటి గుండా పోయేది, ఉప్పు అక్కడ చేరి సున్నమే రాలేది. సున్నాన్ని మళ్లీ నింపుకోవచ్చు. రాయిని నింపుకోలేం. సిమెంటు ఆ దారి మూసేసింది, అందుకే రాయి గుండా ఆరాల్సి వస్తోంది. పైగా సిమెంటు తనవంతుగా సల్ఫేట్లను కూడా గోడకు అందించి ఉండవచ్చు. సోడియం సల్ఫేటు మామూలు ఉప్పు కన్నా ఎక్కువగా రాయిని పగలగొడుతుంది.

ఇక పని గురించి. ఉప్పెన వచ్చిన రెండు మూడు రోజుల్లో, గోడ ఇంకా ఆరకముందు, మంచినీటిని తక్కువ ఒత్తిడితో పోసి కడిగి ఉంటే సగం ఉప్పు పోయేది. ఇప్పుడు ఆ సమయం దాటింది. ఇప్పుడు నీళ్లు పోస్తే పైన ఉన్న పొడి కరిగి మళ్లీ లోపలికి వెళుతుంది. కాబట్టి మొదట మెత్తటి కుంచెతో, తడి లేకుండా, పొడిని ఊడ్చి డబ్బాలో పట్టండి. నేల మీద పడనిచ్చారంటే అదే వానకు కరిగి పీఠంలోకి ఇంకుతుంది.

తరువాత ఉప్పు ఎంత లోతులో ఉందో తెలుసుకోవాలి. కంటికి కనిపించని చోట సన్నటి రంధ్రం వేసి, మొదటి సెంటీమీటరు పొడి ఒక సంచిలో, ఒకటి నుంచి మూడు సెంటీమీటర్ల పొడి ఇంకొక సంచిలో, మూడు నుంచి ఆరు మరొక సంచిలో తీయండి. మోకాలి ఎత్తులో ఒకటి, భుజం ఎత్తులో ఒకటి, ఇంకా పైన ఒకటి. ప్రతి సంచి నుంచి ఒకే తూకం పొడి తీసుకుని, ఒకే కొలత స్వచ్ఛమైన నీటిలో కలిపి, ఆ నీటి విద్యుద్వాహకత చూడండి. జేబులో పట్టే మీటరు చాలు. విలువ ఎంత అన్నదాని కన్నా, లోపలికి వెళ్లేకొద్దీ పెరుగుతోందా తగ్గుతోందా అన్నదే మనకు కావాలి.

గుజ్జు పట్టించడం దాని తరువాత. కాగితపు గుజ్జును లవణాలు తీసిన నీటిలో నానబెట్టి, గోడ మీద ముందు పలుచటి కాగితం అతికించి, దాని మీద సుమారు రెండు సెంటీమీటర్ల మందంగా పట్టిస్తారు. గుజ్జులోని నీరు రాతిలోకి వెళ్లి ఉప్పును కరిగిస్తుంది. గుజ్జు బయటి నుంచి ఆరుతూ ఆ ఉప్పునీటిని తనలోకి లాక్కుంటుంది. ఎండాక ఒలిచేస్తే ఉప్పు గుజ్జుతో పాటు పోతుంది. ఇక్కడ చాలామంది దెబ్బతినే చోటు ఒకటుంది. నీరు పెద్ద రంధ్రాల నుంచి చిన్న రంధ్రాలకు పాకుతుందే గాని, చిన్న వాటి నుంచి పెద్ద వాటికి రాదు. వట్టి కాగితపు గుజ్జు రంధ్రాలు పెద్దవి. మీ ఇసుకరాయి రంధ్రాలు అంతకన్నా సన్నగా ఉంటే గుజ్జు ముందే ఎండిపోతుంది, ఉప్పు గోడలోనే ఉండిపోతుంది, పైగా అదనంగా నీరు పోసినట్టవుతుంది. అందుకే గుజ్జులో చీనామట్టి, సన్నటి ఇసుక కలుపుతారు. పాళ్లు రాయిని బట్టి మారతాయి. కాబట్టి అర మీటరు చదరంలో రెండు మూడు మిశ్రమాలు పక్కపక్కన పట్టించి చూడండి. ఒలిచిన గుజ్జులో ఎంత ఉప్పు వచ్చిందో అదే మీటరుతో చూసుకోవచ్చు. రెండో విడతలో, మూడో విడతలో తగ్గుతూ పోవాలి. ఇక పెద్దగా తగ్గనప్పుడు ఆపేయాలి.

పరమేశ్వరరావు_సివిల్

అంతా బాగుంది. వచ్చే తుపానుకు మళ్లీ ఉప్పు వస్తుందిగా? మళ్లీ గుజ్జేనా? ఇది చిల్లికుండలో నీళ్లు పోయడమే. మూలాన్ని ఆపకుండా ఎన్ని లేపనాలు పూస్తారు?

సున్నపుగచ్చు

అవును, మళ్లీ గుజ్జే. మహాబలిపురంలోని తీర దేవాలయానికి పురావస్తు శాఖ వాళ్లు కాగితపు గుజ్జు చికిత్స ఒక్కసారి చేసి వదిలేయలేదు, మళ్లీ మళ్లీ చేస్తున్నారు. ఎనిమిదో శతాబ్దపు ఆరంభంలో కట్టిన గుడి, రాయి గ్రానైటు, అయినా ముఖం మీది శిల్పాలు గాలికీ ఉప్పుకీ అరిగిపోయాయి. అక్కడ సముద్రం వైపు రాళ్ల కట్ట ఉంది, తుంపర గాలిని వడగట్టడానికి సరుగుడు తోపు పెంచారు. అన్నీ ఉన్నా గుజ్జు పని ఆగలేదు. ఎందుకంటే కట్ట అలను ఆపుతుంది, గాలిలో వచ్చే ఉప్పును ఆపదు. అల కట్టకు కొట్టుకుని పగిలితే తుంపర ఇంకా పైకి లేస్తుంది కూడా.

దీన్ని చికిత్సగా కాకుండా సంరక్షణ ఖర్చుగా రాసుకోవాలి. విడతల మధ్య కాలాన్ని పెంచే ఉపాయాలు ఉన్నాయి. సిమెంటు సందులను ఉలితో, యంత్రం వాడకుండా తీసి సున్నపు గచ్చు నింపడం ఒకటి. రాయి మీద పలుచటి సున్నపు పొర వేయడం ఇంకొకటి. ఉప్పు ఆ పొరను పాడుచేస్తుంది, కొన్నేళ్లకు గీకేసి కొత్తది వేస్తాం. అంటే రాయికి బదులు సున్నం రాలుతుంది. చెక్కడాలు ఉన్న రాయి మీద దీనికి చరిత్రకారులు ఒప్పుకోరు, వాళ్లతో మాట్లాడాలి.

శాసనప్రియ

ఒప్పుకోము! శాసనం ఉన్న రాయి మీద సున్నం కొట్టి, దశాబ్దాల తరువాత గీకినప్పుడు అక్షరాల అంచులు కూడా పోయిన చోట్లు చూశాను. కోటగుమ్మం గారి గోడ మీద చెక్కడం ఏదైనా ఉంటే ముందు త్రిమితీయ స్కాను తీయించండి. అసలు ఏ పనికన్నా ముందు అది జరగాలి. ఈ రోజు ఉన్నది రేపు ఉంటుందన్న నమ్మకం ఆ రాతి ముఖం మీద ఎవరికీ లేదు.

అలలగుర్తు

ఉప్పు గురించి సున్నపుగచ్చు గారు చెప్పారు. నేను 34 మీటర్ల గురించి అడుగుతాను. నివేదికలో ఆ అంకె ఒక్కటే రాస్తే కమిటీ దాన్ని చూసి నిశ్చింతగా నిద్రపోతుంది. ఏడాదికి సగటున ఎంత కోత, ఒక్క తుపానులో ఎక్కువలో ఎక్కువ ఎంత పోయింది? ఇవి రెండూ వేర్వేరు సంగతులు. పాత సర్వే పటాలు, ఉపగ్రహ చిత్రాలు చూసి చెప్పగలరా?

కోటగుమ్మం

పాత సర్వే పటానికీ ఇప్పటికీ పోలిస్తే సగటున ఏడాదికి అర మీటరు. గత నెల ఒక్క తుపానులోనే 7 మీటర్లు పోయింది. తరువాత కొంత ఇసుక తిరిగి వచ్చింది గాని, గట్టు అంచు మాత్రం వెనక్కి రాలేదు.

పరమేశ్వరరావు_సివిల్

ఏడాదికి అర మీటరంటే 34 మీటర్లకు 68 ఏళ్లు. తొందరేముంది? కట్ట కడితే అది కూడా ఉండదు.

అలలగుర్తు

పరమేశ్వరరావు గారూ, సముద్రం ఏడాదికి అర మీటరు చొప్పున వాయిదాలు కట్టదు. పదేళ్లు ఊరుకుని ఒక్క రాత్రిలో 7 మీటర్లు తీసుకుంటుంది. సముద్ర మట్టం పెరిగేకొద్దీ, ఇదివరకు గట్టును తాకని మామూలు తుపాను కూడా తాకుతుంది, అంటే పాత సగటు కూడా ఇక నమ్మదగింది కాదు.

కాబట్టి లెక్క తిప్పి వేయండి. కట్టడాన్ని జరపాలన్నా, విప్పాలన్నా, తవ్వి నమోదు చేయాలన్నా సముద్రం వైపు యంత్రాలు తిరగడానికి పది మీటర్ల జాగా కావాలి. అనుమతులు, డబ్బు, పని, అన్నీ కలిపి ఆరేళ్లు అనుకుందాం. ఆ ఆరేళ్లలో మామూలు కోత 3 మీటర్లు. ఆ మధ్యలో గత నెల లాంటి తుపాను రెండుసార్లు వస్తే 14 మీటర్లు. మొత్తం 27 మీటర్లు. గట్టు అంచు 27 మీటర్లకు చేరిన రోజున పని మొదలుపెడితేనే పూర్తవుతుంది. మీ దగ్గర ఇప్పుడు 34 ఉన్నాయి, మిగిలింది 7 మీటర్లు. సరిగ్గా ఒక్క తుపాను.

పరమేశ్వరరావు_సివిల్

రెండు తుపానులు ఎందుకు వేశారు? ఆరేళ్లలో ఒకటి అనుకుంటే 20 మీటర్లు చాలు. మీకు నచ్చిన భయాన్ని లెక్కలో కలిపి, అదే జవాబు అని చూపిస్తున్నారు.

అలలగుర్తు

న్యాయమైన ప్రశ్న. ఒకటి వేయాలా రెండు వేయాలా అన్నది భూగర్భ శాస్త్రం చెప్పదు, కట్టడం పోతే ఎంత నష్టమో దాన్ని బట్టి కమిటీ చెప్పాలి. నేనైతే రెండు వేస్తాను. మీరు ఒకటి వేయండి, కానీ ఆ అంకెను ఇప్పుడే, ప్రశాంతంగా ఉన్నప్పుడే కాగితం మీద పెట్టండి. తుపాను మర్నాడు ఎవరూ సరిగ్గా ఆలోచించరు.

కట్ట గురించి కూడా ఒక మాట. స్కాట్లాండ్‌లోని ఆర్క్నీ దీవుల్లో స్కారా బ్రే అనే రాతియుగపు ఊరు ఉంది. 1850లో ఒక తుపాను ఇసుకను కొట్టుకుపోవడంతోనే అది బయటపడింది. 1920లలో ఇంకొక తుపానుకు కొంత భాగం దెబ్బతిన్నాక సముద్రపు గోడ కట్టారు. గోడ వెనక ఊరు నిలిచింది, కాదనను. కానీ గోడకు రెండు పక్కలా ఒడ్డు తరుగుతూ వచ్చింది, సముద్రం గోడ చివరల నుంచి వెనక్కి తిరిగి రావాలని చూస్తోంది. ఇప్పుడు ఆ తీరాన్ని లేజరు స్కానులతో పదేపదే కొలుస్తున్నారు. కట్ట కడితే దాని చివరలు ఎక్కడ ఉంటాయి, అక్కడ ఎవరి భూమి ఉంది, ముందున్న ఇసుక ఎంత తగ్గుతుంది, ఈ మూడింటికీ జవాబు లేకుండా కట్ట ప్రతిపాదన అసంపూర్ణం.

పరమేశ్వరరావు_సివిల్

చివరలను ఏటవాలుగా లోపలికి మలిచి కడితే ఆ కోత చాలావరకు తగ్గుతుంది. వందేళ్లు నిలబెట్టిన గోడను తప్పు పట్టడం నాకు అర్థం కాదు. ఆ వందేళ్లలో ఎంత మంది ఆ ఊరు చూశారు?

శాసనప్రియ

ఈ ఒక్క మాటలో నేను పరమేశ్వరరావు గారి వైపే. కట్టడాన్ని జరుపుదాం అని తేలిగ్గా అనేస్తున్నారు. ఒడ్డున ఎందుకు కట్టారో ఆ కారణమే దాని చరిత్ర. సముద్రం కనిపించని చోట పెట్టిన దీపస్తంభం దీపస్తంభమేనా?

అలలగుర్తు

శాసనప్రియ గారూ, కేప్ హటెరాస్ దీపస్తంభం విషయంలో అమెరికాలో అచ్చం ఈ వాదనే నడిచింది. 1870లో కట్టినప్పుడు సముద్రం దాదాపు 450 మీటర్ల దూరంలో ఉంది. వందేళ్లలో అల దాని పాదాల దగ్గరికి వచ్చింది. ఇసుక పోశారు, సముద్రంలోకి అడ్డుగోడలు కట్టారు, ఇసుక బస్తాలు పేర్చారు. 1988లో జాతీయ విజ్ఞాన అకాడమీ కమిటీ జరపడమే మేలంది. స్థానికుల్లో చాలామంది వ్యతిరేకించారు, దారిలోనే కూలిపోతుందన్నారు. పదకొండేళ్ల తరువాత, 1999 వేసవిలో జరిపారు. సుమారు 4,400 టన్నుల ఇటుక స్తంభాన్ని ఉక్కు దూలాల మీదికి ఎత్తి, జాకీలతో కొంచెం కొంచెం నెడుతూ 23 రోజుల్లో దాదాపు 880 మీటర్లు తీసుకెళ్లారు.

మీ ప్రశ్నకు అక్కడ దొరికే జవాబు ఏమిటంటే, కొత్త చోట సముద్రానికి దూరం మొదట కట్టినప్పుడు ఉన్నంతే ఉండేలా చూశారు. కాపలాదారుల ఇళ్లను కూడా తీసుకెళ్లి, స్తంభానికి అవి పాత చోట ఏ దిక్కున ఎంత దూరంలో ఉండేవో అలాగే అమర్చారు. దాన్ని ఒప్పుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం, కానీ సముద్రం కనిపించకుండా మాత్రం పోలేదు.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. ఆ స్తంభం పునాది కింద దేవదారు జాతి దుంగలు పరిచి ఉండేవి. అవి భూగర్భంలోని మంచినీటిలో మునిగి ఉన్నంత కాలం చెడిపోలేదు. ఉప్పునీరు చేరితే వాటి గతి ఏమిటన్న భయం జరపాలన్న వాదనకు బలమిచ్చింది. అంటే అల తాకకముందే నేల కింద నుంచి సముద్రం రావచ్చు.

సున్నపుగచ్చు

జరపడానికి ముందు రాయి బలం చూడాలి. హటెరాస్ స్తంభం గట్టి ఇటుక పని, ఎత్తితే నిలిచింది. ఉప్పు తిన్న ఇసుకరాయిని జాకీల మీద ఎత్తితే అడుగు వరుస నలిగిపోవచ్చు. అలాంటి చోట రాయి రాయి విప్పి మళ్లీ కట్టడం ఉంది. ఇంగ్లండులోని క్లావెల్ టవరును అలాగే విప్పి 25 మీటర్లు లోపలికి తెచ్చి కట్టారు, 2008లో పూర్తయింది. కానీ పాత గచ్చు, గోడ లోపలి నింపుడు, కట్టినవాళ్ల చేతి ముద్రలు అన్నీ పోతాయి. మిగిలేది ముఖం.

శాసనప్రియ

అలాగైతే నన్నడిగితే విప్పడం కన్నా వదిలేయడమే నయం. పూర్తిగా కొలిచి, తవ్వి, బొమ్మలు తీసి, శాసనాలను మ్యూజియానికి చేర్చి, తరువాత సముద్రానికి వదిలేయడం. అమెరికా జాతీయ పార్కుల శాఖ తన వాతావరణ వ్యూహంలో నమోదు చేసి వదిలేయడాన్ని కూడా ఒక ఎంపికగా బాహాటంగానే రాసుకుంది. ఏమీ చేయకుండా పోనివ్వడం వేరు, అన్నీ రాసుకుని పోనివ్వడం వేరు. మొదటి దానికి ఎవరూ సంతకం పెట్టరు గాని, ఎక్కువగా జరిగేది అదే.

ఇనుపఫిరంగి

పెద్ద డబ్బుంటే వెనిస్‌లో లాగా, ఉప్పెన వచ్చినప్పుడు పైకి లేచి నీటిని ఆపే తలుపులు సముద్రానికే పెట్టవచ్చు కదా? అది పనిచేస్తోందని విన్నాను.

అలలగుర్తు

పనిచేస్తోంది. 2020 అక్టోబరులో మొదటిసారి ఉప్పెన సమయంలో ఎత్తారు, నగరం పొడిగా ఉంది. అయితే నీటి మట్టం 110 సెంటీమీటర్లు దాటుతుందన్నప్పుడు వాటిని ఎత్తడమనేది మొదటి నుంచి ఉన్న ఆలోచన. సెయింట్ మార్క్ చర్చి ముంగిలి అంతకన్నా చాలా పల్లంలో ఉంది, 110కి ముందే మునుగుతుంది. అందుకే చర్చి చుట్టూ విడిగా గాజు అడ్డు పెట్టాల్సి వచ్చింది. నగరాన్ని కాపాడే గీత, ఒక కట్టడాన్ని కాపాడే గీత ఒకటి కావు.

సున్నపుగచ్చు

వెనిస్‌లో కోటగుమ్మం గారికి పనికొచ్చేది తలుపులు కాదు. అక్కడి పాత మేస్త్రీలు ఇళ్ల అడుగున ఇస్ట్రియా రాయి వరుసలు వేశారు. అది నీటిని పీల్చని రాయి, దాని మీద ఇటుక. నగరం కుంగి, సముద్రం పెరిగి, నీరు ఇప్పుడు ఆ రాతి వరుస దాటి ఇటుకను తాకుతోంది. ఇటుక ఉప్పునీటిని పైకి లాగుతుంది. తుపాను అక్కర్లేదు, రోజువారీ పోటే చాలు. మీ పీఠం కింద ఏముందో చూశారా?

కోటగుమ్మం

రంధ్రాలు వేసి చూశాం. ఫలితాలు నన్ను గందరగోళంలో పడేశాయి. భుజం ఎత్తులో మీరు ఊహించినట్టే ఉంది, మొదటి సెంటీమీటరులో ఉప్పు ఎక్కువ, మూడు సెంటీమీటర్లు దాటాక దాదాపు ఏమీ లేదు. మోకాలి ఎత్తులో మాత్రం తలకిందులు. పైన కొంత, లోపలికి వెళ్లేకొద్దీ ఇంకా ఎక్కువ. ఆరు సెంటీమీటర్ల దగ్గర కూడా తగ్గలేదు. బాగా పైన, ఇటుక మీద, చాలా తక్కువ. పీఠం కింద ఏ అడ్డు పొరా లేదు, ఇసుకరాయి నేరుగా నేలలోకి దిగింది.

సున్నపుగచ్చు

గందరగోళం లేదు, మీ గోడకు ఉప్పు రెండు దారుల్లో వస్తోంది. భుజం ఎత్తులోది గాలి, తుంపర తెచ్చినది, ముఖం మీదే ఉంది. గుజ్జు దానికి బాగా పనిచేస్తుంది. మోకాలి ఎత్తులోది నేల నుంచి పైకి పాకుతోంది. అక్కడ గుజ్జు పట్టిస్తే నేల నుంచి కొత్త ఉప్పును మీరే పైకి లాగుతున్నట్టవుతుంది, ఎన్ని విడతలు చేసినా మీటరులో అంకె తగ్గదు. ఆ భాగాన్ని ఇప్పుడు ముట్టుకోవద్దు. సిమెంటు సందులు మాత్రం తీయించండి, ముందు కింది నుంచే.

కమిటీకి చెప్పేముందు ఇంకొక పని. గోడకు రెండు మీటర్ల దూరంలో ఒకటి, సముద్రం వైపు అంచు దగ్గర ఒకటి, చిల్లుల గొట్టాలు భూగర్భ నీటి మట్టం దాకా దించండి. పోటు సమయంలో, పాటు సమయంలో నీటి మట్టం, వాహకత రాసుకోండి. అమావాస్య, పౌర్ణమి పోట్లు తప్పకుండా ఉండాలి. గోడ దగ్గరి నీరు పోటుతో పాటు ఉప్పగా మారుతూ పైకి లేస్తుంటే, ఒడ్డున ఎంత కట్ట కట్టినా మీ పీఠం తడుస్తూనే ఉంటుంది. నీరు మంచిదై, ఉప్పు గత నెల ఉప్పెన నేలలో వదిలి వెళ్లినదే అయితే, వానలకు కొంత దానంతట అదే కడుక్కుపోతుంది.

పరమేశ్వరరావు_సివిల్

బండరాళ్ల కట్ట కింది నుంచి నీరు ఊరుతుంది, ఒప్పుకుంటాను. ఉక్కు పలకలు లోతుగా దించితే అది కూడా ఆపవచ్చు. ఖర్చు వేరే సంగతి.

అలలగుర్తు

పలకలు దించితే భూమి వైపు నుంచి వచ్చే మంచినీరు కూడా వెనకే నిలిచిపోతుంది, పీఠం ఇంకా తడుస్తుంది. తోడి పోయడానికి పంపులు పెట్టాలి. ఆ పంపులను తుపాను రాత్రి నడపడానికి కరెంటు ఉండాలి. కోటగుమ్మం గారూ, కొలతలు వచ్చేదాకా ఏ కట్టకూ టెండరు పిలవకండి. అన్నట్టు, వెనక ఉన్న ఖాళీ స్థలం ఎవరిది? జరపడమైనా, ఒడ్డును వెనక్కి పోనివ్వడమైనా అది తేలకుండా కుదరదు.

కోటగుమ్మం

ఆ స్థలం సగం ప్రభుత్వానిది, సగం ప్రైవేటు వాళ్లది. ఎవరూ ఇంతవరకు అడగలేదట.

ఈ ఏడాది డబ్బుకు ఇలా రాస్తున్నాను: స్కాను, సిమెంటు సందులు తీయడం, భుజం ఎత్తులో పరీక్షకు గుజ్జు, రెండు గొట్టాలు, గట్టు అంచుకు మేకులు కొట్టి ప్రతి పోటు తరువాత దూరం కొలవడం. పూత లేదు. జరిపే దూరం దగ్గర 27, 20 రెండూ రాసి, ఏది కావాలో సంతకంతో చెప్పమని కమిటీనే అడుగుతాను. కట్ట కావాలన్నవాళ్లు ఊరుకోరని తెలుసు.

శాసనప్రియ

స్కాను తీసేటప్పుడు ఊడిపోతున్న ముఖాన్ని పొద్దున, సాయంత్రం ఏటవాలు వెలుగులో ఫోటోలు కూడా తీయించండి. స్కానులో కనిపించని గీతలు ఆ నీడల్లో దొరుకుతాయి. సందులు తీసే ముందే ఇది జరగాలి, తరువాత కాదు.

పరమేశ్వరరావు_సివిల్

20 రాయండి. 27 రాస్తే కమిటీ బెదిరి అసలుకే ఏమీ చేయదు.